ఆపరేషన్ అంగీకార పత్రాన్ని తేట తెలుగులోకి తేవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషులో ఉన్న ఆపరేషన్ అంగీకార పత్రాన్ని తెలుగు చేసేవాళ్లు, చేయించే ఆసుపత్రులవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు ఇవి. అన్ని రకాల ఫారాలనూ ముందేసుకుంటే ఏదీ తేలదు. అందుకని మొదటి నుంచి చివరిదాకా ఒకే ఫారాన్ని ఉదాహరణగా తీసుకున్నాం. అది గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్న పేషెంటుకు ల్యాప్రోస్కోపీ పద్ధతిలో చేసే ఆపరేషన్ ఫారం.

మామూలు తెలుగులో రాస్తే పత్రానికి చట్టపరమైన బలం తగ్గదా?

తగ్గదు. అంగీకార పత్రం గ్రాంథికంలో ఉండాలని ఏ చట్టమూ చెప్పలేదు. చట్టం చూసేది వేరే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఇద్దరూ ఒకే విషయానికి, ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది సమ్మతి. భారతీయ న్యాయ సంహిత 28వ సెక్షన్ ఇంకో మాట అంటుంది. ఒక మనిషి వాస్తవాన్ని తప్పుగా అర్థం చేసుకుని ఒప్పుకున్నాడనీ, ఆ సంగతి ఎదుటివాళ్లకు తెలుసనీ, లేదా తెలియడానికి తగిన కారణం ఉందనీ తేలితే ఆ ఒప్పుకోలు సమ్మతి కిందికి రాదు.

వైద్యం విషయంలో సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో దీన్ని విడమరిచి చెప్పింది. ఏ చికిత్స, ఎలా చేస్తారు, ఎందుకు, దానివల్ల ఏం జరుగుతుంది, వేరే మార్గాలు ఉన్నాయా, ముఖ్యమైన రిస్కులు ఏమిటి, వద్దనుకుంటే ఏమవుతుంది అన్నవి పేషెంటుకు తెలిసి ఉండాలి. అవి తెలియజేయలేని తెలుగు ఎంత గంభీరంగా ఉన్నా ఆసుపత్రిని కాపాడలేదు.

చట్టపరమైన ఖచ్చితత్వం "ఉత్పన్నమైన యెడల", "ఇందుమూలముగా" లాంటి మాటల్లో ఉండదు. ఎవరు చేస్తారు, దేనికి చేస్తారు, ఏ పరిస్థితిలో చేస్తారు, ఎంతవరకు చేస్తారు, ఎవరు నిర్ణయిస్తారు అన్న వాటిలో ఉంటుంది. ఇవి చెక్కుచెదరకుండా ఉంటే మిగతా వాక్యాన్ని ఎంత సులువుగానైనా రాయవచ్చు.

"గాల్‌బ్లాడర్ రాళ్ల ఆపరేషన్" అంటే అందరికీ తెలుసు కదా, అలాగే రాస్తే సరిపోదా?

ఫారం మొత్తంలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు జరిగే చోటు ఇదే. "రాళ్ల ఆపరేషన్" అంటే చాలామంది రాళ్లు మాత్రమే తీస్తారని అనుకుంటారు. కిడ్నీలో రాళ్లకు జరిగేది అదే కాబట్టి ఇక్కడా అంతేనని అనుకోవడం సహజం. కానీ ఈ ఆపరేషన్‌లో గాల్‌బ్లాడర్ మొత్తాన్ని తీసేస్తారు. పేషెంటు రాళ్లు తీయడానికి ఒప్పుకున్నాడు, డాక్టరు అవయవం తీసేశాడు. ఒకే విషయానికి, ఒకే అర్థంలో ఒప్పుకోవడం అన్నది మొదటి వరుసలోనే తప్పిపోయింది.

ఇంగ్లీషు ఫారంలో ఆపరేషన్ పేరు "కోలిసిస్టెక్టమీ" అని ఒక్క మాటలో ఉంటుంది. అవయవం తీసేయడం అన్న అర్థం ఆ మాట చివరి ముక్క "ఎక్టమీ"లోనే ఉంది. తెలుగులో దాన్ని బయటికి తీసి రాయాలి: "రాళ్లతో సహా నా గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) మొత్తాన్ని తీసేస్తారు. అది మళ్లీ పెరగదు." ఆ వెంటనే తలెత్తే భయానికి జవాబుగా ఇంకో వాక్యం: "ఆపరేషన్ తరువాత పిత్తరసం కాలేయం నుంచి నేరుగా పేగులోకి వెళుతుంది." ఈ చివరి వాక్యం ఇంగ్లీషులో లేకపోతే మీ అంతట మీరు చేర్చకండి. చేర్చమని డాక్టరుకు సూచించండి.

ఇలాంటిదే ఇంకొకటి "కోత లేని ఆపరేషన్". ల్యాప్రోస్కోపీని జనం అలా పిలుస్తారు, ప్రచారంలోనూ వాడతారు. ఫారంలో మాత్రం అది అబద్ధమవుతుంది. సాధారణంగా పొట్ట మీద నాలుగు చిన్న కోతలు పెట్టి, గ్యాస్‌తో పొట్టను ఉబ్బించి, కెమెరా పెట్టి చేస్తారు. "చిన్న కోతల ద్వారా" అనండి.

"అదనపు ప్రక్రియ" క్లాజును ఎలా తెలుగు చేయాలి?

ఫారానికి చట్టపరంగా గుండెకాయ లాంటి వాక్యం ఇది. దీన్ని నిదానంగా చూద్దాం. మనకు తరచుగా కనబడే పాత అనువాదం ఇలా ఉంటుంది:

"శస్త్రచికిత్స సమయమున ఊహించని పరిస్థితులు ఉత్పన్నమైన యెడల, సర్జన్ తన విచక్షణ మేరకు అవసరమని భావించిన ఏ ఇతర లేక అదనపు ప్రక్రియనైనను నిర్వహించుటకు ఇందుమూలముగా అధికారమిచ్చుచున్నాను."

ఇందులో తప్పేమీ లేదు. ఇంగ్లీషులో ఉన్నదంతా ఉంది. కాకపోతే చదివేవాడికి మూడో మాట దగ్గరే చూపు జారిపోతుంది. దీన్ని సులువు చేయమంటే వచ్చే మొదటి చిత్తుప్రతి ఇలా ఉంటుంది: "ఆపరేషన్ చేసేటప్పుడు ఏమైనా తేడా వస్తే డాక్టరు గారు అవసరమైనది చేస్తారు."

హాయిగా ఉంది, కానీ చట్టం దృష్టిలో దాదాపు ఏమీ మిగల్లేదు. మొదటిది, అనుమతి ఇచ్చే "నేను" మాయమయ్యాడు. అనుమతి కాస్తా సమాచారంగా మారిపోయింది. రెండోది, "తేడా వస్తే" అంటే ఏదో పొరపాటు జరిగితే అని వినబడుతుంది. అసలు వాక్యం చెప్పేది పొరపాటు గురించి మాత్రమే కాదు. లోపల చూసేసరికి గాల్‌బ్లాడర్ పక్క అవయవాలకు అతుక్కుపోయి ఉండటం ఎవరి పొరపాటూ కాదు, కానీ ముందుగా ఊహించనిది కావచ్చు. మూడోది, అవసరమని ఎవరు తేలుస్తారో లేదు. నాలుగోది, "ఇతర", "అదనపు" అన్న రెండు వేర్వేరు సంగతులు "అవసరమైనది" అన్న ఒక్క మాటలో కలిసిపోయాయి. ఒకదానితో పాటు ఇంకొకటి చేయడం వేరు, ఒకదాని బదులు ఇంకొకటి చేయడం వేరు.

ఆ నాలుగింటినీ నిలబెడుతూ ఇలా రాయవచ్చు:

"ఆపరేషన్ మొదలయ్యాక, ముందుగా ఊహించని పరిస్థితి బయటపడవచ్చు. అప్పుడు పైన చెప్పిన ఆపరేషన్‌తో పాటు ఇంకొక ఆపరేషన్ గానీ చికిత్స గానీ, లేదా దాని బదులు వేరే ఆపరేషన్ గానీ చికిత్స గానీ చేయాల్సి రావచ్చు. అది అవసరమా కాదా అన్నది సర్జన్ నిర్ణయిస్తారు. సర్జన్ అవసరమని నిర్ణయించిన దాన్ని చేయడానికి నేను అనుమతి ఇస్తున్నాను."

ఒక వాక్యం నాలుగయింది. పొడవు పెరిగిందని కొందరు ఎడిటర్లు నసుగుతారు, పట్టించుకోనక్కర్లేదు. ఒక్కో వాక్యం ఒక్కో పని చేస్తోంది. లాయరు గారు వచ్చి "ఫలానా షరతు ఎక్కడుంది?" అంటే వేలు పెట్టి చూపించగలరు.

"ఇందుమూలముగా" పోయిందేమని అడుగుతారు. "అనుమతి ఇస్తున్నాను" అనడంతోనే ఆ పని జరిగిపోతుంది. అయితే క్రియ విషయంలో జాగ్రత్త. "అనుమతి ఇస్తాను" అని రాస్తే రేపెప్పుడో ఇస్తానన్న మాట అవుతుంది. సంతకం పెట్టే క్షణంలో ఇస్తున్నట్టు ఉండాలి.

ఇంగ్లీషు వాక్యమే హద్దూ అదుపూ లేకుండా ఉంటే తెలుగులో కాస్త బిగించి రాయవచ్చా?

రాయకూడదు. విప్పకూడదు, బిగించకూడదు. అనుమానం వస్తే ప్రశ్న రాసి పంపాలి. పైన చూసిన క్లాజు నిజానికి చాలా విశాలమైనది. దాని మీద ఎంత ఆధారపడవచ్చో ఆసుపత్రివాళ్లు ఆలోచించుకోవాల్సిన సంగతి సమీరా కోహ్లీ కేసులోనే ఉంది. 1995లో 44 ఏళ్ల మహిళ లోపల ఏముందో చూసే ల్యాప్రోస్కోపీకి ఒప్పుకున్నారు. ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఫారంలో అవసరమైతే పొట్ట కోయాల్సి రావచ్చన్న మాట ఉంది. అయినా అది అవయవాలు తీసేయడానికి అనుమతి కాదని సుప్రీంకోర్టు తేల్చింది. అనుమతి లేని అదనపు ఆపరేషన్ చేయాలంటే, అది ప్రాణం కాపాడటానికో ఆరోగ్యం నిలపడానికో అవసరమై ఉండాలి, పేషెంటుకు తెలివి వచ్చేదాకా ఆగడం సమంజసం కానంత అత్యవసరమూ అయి ఉండాలి.

మీరు పంపే ప్రశ్న ఇలా ఉంటే చాలు: "ముందే ఊహించగలిగినవాటిని, ఉదాహరణకు పెద్ద కోతతో చేయాల్సి రావడాన్ని, ఈ విశాలమైన క్లాజులో వదిలేయకుండా విడిగా పేరు పెట్టి రాస్తారా?" గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో వాపు, అతుకులు, రక్తస్రావం, లోపలి గొట్టాలు స్పష్టంగా కనబడకపోవడం లాంటి కారణాల వల్ల మధ్యలో పెద్ద కోతకు మారాల్సి రావడం సర్జన్లకు బాగా తెలిసిన విషయం. దాన్ని ఊహించనిది అనలేం. వాళ్లు ఒప్పుకుంటే తెలుగు ఇలా వస్తుంది: "చిన్న కోతల ద్వారా పూర్తి చేయడం క్షేమం కాదని సర్జన్ నిర్ణయిస్తే, కుడి పక్కటెముకల కింద పెద్ద కోత పెట్టి ఇదే ఆపరేషన్ పూర్తి చేస్తారు. దీనికి నేను అనుమతి ఇస్తున్నాను."

"-వచ్చు" గురించి ఎందుకంత పట్టింపు?

"సర్జన్ పెద్ద కోత పెట్టవచ్చు." ఇది జరిగే అవకాశమా, సర్జన్‌కు ఇచ్చిన అనుమతా? తెలుగులో రెండూ కావచ్చు. మాటల్లో అయితే సందర్భం తేల్చేస్తుంది. సంతకం పెట్టే కాగితంలో తేల్చడానికి ఎవరూ ఉండరు.

అవకాశం చెప్పేటప్పుడు "పెట్టాల్సి రావచ్చు", అనుమతి చెప్పేటప్పుడు "పెట్టడానికి అనుమతి ఇస్తున్నాను", పేషెంటు హక్కు చెప్పేటప్పుడు "నాకు హక్కు ఉంది" అని ఫారమంతా ఒకే పద్ధతి పాటించండి. "సంతకం చేశాక కూడా అనుమతి వెనక్కి తీసుకోవచ్చు" అనే బదులు "సంతకం చేశాక కూడా, ఆపరేషన్ మొదలయ్యేలోపు, అనుమతి వెనక్కి తీసుకునే హక్కు నాకు ఉంది" అంటే అది ఎవరో దయతలచి ఇచ్చిన వెసులుబాటులా వినబడదు. "మొదలయ్యేలోపు" అన్న హద్దు మీ ఇంగ్లీషు ఫారంలో ఉంటేనే రాయండి.

రిస్కుల భాగంలో ఏమేం చూసుకోవాలి?

మొట్టమొదట "ప్రమాదాలు" అన్న శీర్షిక తీసేయండి. ప్రమాదం అనగానే బస్సు బోల్తా కొట్టడం గుర్తొస్తుంది. అంటే అనుకోకుండా, చాలాసార్లు ఎవరి తప్పువల్లనో జరిగేది. ఇక్కడ చెప్పేది అన్నీ సరిగ్గా చేసినా జరిగే అవకాశమున్న సంగతుల గురించి. "రిస్కు" అన్న మాట చదువుకోనివాళ్ల నోట్లోనూ నలుగుతోంది, దాన్నే వాడండి.

తరువాత అంకెలు. పిత్తనాళం దెబ్బతినే రిస్కు 0.3 నుంచి 0.5 శాతం అని మీ ఫారంలో ఉందనుకుందాం. దశాంశ బిందువు చాలామంది కంటికి ఆనదు, అది మూడు, అయిదు శాతంగా మిగిలిపోతుంది. "అరుదుగా" అని రాస్తే ఒక్కొక్కరు ఒక్కోలా ఊహించుకుంటారు. "ఈ ఆపరేషన్ చేయించుకున్న 1000 మందిలో 3 నుంచి 5 మందికి, కాలేయం నుంచి పేగుకు పిత్తరసం తీసుకెళ్లే గొట్టం దెబ్బతింటుంది. అప్పుడు దాన్ని సరిచేయడానికి మరో ఆపరేషన్ అవసరం కావచ్చు" అని రాయాలి. పక్కన ఉన్న రిస్కులన్నిటికీ కూడా 1000 మందిలోనే లెక్క చెప్పాలి. ఒకటి 1000లో, ఇంకొకటి 20లో చెబితే 20లో ఒకరు చిన్న సంఖ్యగా కనబడుతుంది. నిజానికది 1000లో 50.

చివరిది, అనువాదకులు మొహమాటపడేది, మరణం. ఇంగ్లీషులో సూటిగా ఉన్న మాటను తెలుగులో "ప్రాణాపాయం" అని మెత్తబరుస్తారు. ప్రాణాపాయం అంటే ప్రాణానికి ముప్పు. అందులోంచి బయటపడ్డవాళ్లూ ఉంటారు. ఫారం చెప్పేది చనిపోవడం గురించి అయితే "చాలా అరుదుగా, 1000 మందిలో ఇంతమంది, చనిపోతారు" అని రాయాల్సిందే. చదివేవాళ్లకు టెన్షన్ వస్తుందన్నది నిజమే. ఆ టెన్షన్‌ను డాక్టరు ఎదురుగా కూర్చుని మాట్లాడి తీర్చాలి.

"ఫలితానికి హామీ లేదు" అన్న వాక్యాన్ని "ఏం జరిగినా ఆసుపత్రికి బాధ్యత లేదు" అని రాస్తున్నారు. రెండూ ఒకటేనా?

ఒకటి కానే కాదు. మొదటిది వాస్తవం, రెండోది పేషెంటు హక్కును లాగేసుకునే ప్రయత్నం. నిర్లక్ష్యం జరిగితే ఈ రెండో వాక్యం ఆసుపత్రికి రక్షణ కాదు. పైగా ఇంగ్లీషులో లేని మాట తెలుగులో కనబడితే పత్రం మొత్తం మీదే అనుమానం వస్తుంది. "ఆపరేషన్ ఫలితం తప్పకుండా ఫలానా విధంగా ఉంటుందని నాకు ఎవరూ హామీ ఇవ్వలేదు" అని రాస్తే సరిపోతుంది.

వైద్య పదాలన్నిటినీ తెలుగు చేయాలా?

అక్కర్లేదు. గాల్‌బ్లాడర్, స్కానింగ్, ఇన్ఫెక్షన్, కుట్లు, పూర్తి మత్తు అన్న మాటలు జనం వాడేవే. "సంపూర్ణ స్మృతిరాహిత్యం" లాంటివి ఎవరికోసం? మొదటిసారి రెండు మాటలూ ఇచ్చి, ఆ తరువాత ఒక్కటే వాడండి. ఒకచోట పిత్తాశయం, ఇంకోచోట గాల్‌బ్లాడర్, మరోచోట పిత్తకోశం అంటే మూడు అవయవాలు అనుకునే వీలుంది. సమ్మతి, అంగీకారం, అనుమతి విషయంలోనూ అంతే. శీర్షికలో "అంగీకార పత్రం" వాడుకలో ఉంది, ఉండనివ్వండి. కానీ లోపల ప్రతి క్లాజులోనూ "అనుమతి ఇస్తున్నాను" ఒక్కటే ఉండాలి.

ఏ జిల్లా తెలుగు రాయాలి?

పత్రికల తెలుగు. రెండు రాష్ట్రాల్లోనూ అందరికీ అందుతుంది. ఒక ప్రాంతానికే తెలిసిన మాట వస్తే చదివి వినిపించేవాళ్లు నోటితో సర్దుతారు.

సంతకం చోట "పేషెంటు / బంధువు" అని ఉంది. అలాగే ఉంచాలా?

ఆ రెండు మాటల మధ్య ఉన్న గీత చాలా ఖరీదైన గీత. 18 ఏళ్లు నిండి, స్పృహలో ఉండి, అర్థం చేసుకోగల మనిషి తరఫున తల్లి గానీ భర్త గానీ కొడుకు గానీ ఒప్పుకోవడం చెల్లదు. పై కేసులో తల్లి సంతకం పనికిరాకపోవడానికి కారణం అదే. గీత పెడితే, పెన్ను ఎవరి చేతిలో ఉంటే వాళ్లు సంతకం పెట్టేస్తారు. ఇంగ్లీషు ఫారంలోనే దాన్ని విడగొట్టమని అడగండి. పేషెంటు సంతకానికి ఒక వరుస, పేషెంటు సంతకం చేయలేని పరిస్థితిలో మరో వరుస, ఆ రెండో వరుసలో ఎందుకు చేయలేకపోయారో రాసే ఖాళీ, సంతకం చేసినవారి బంధుత్వం.

అలాగే ఫారంలో "మేము ఒప్పుకుంటున్నాము" అన్న బహువచనం చొరబడుతుంది. ఇంట్లో అందరూ కలిసి నిర్ణయించుకోవడం మన అలవాటు కాబట్టి అనువాదకుడికి అది తప్పుగా తోచదు. పత్రంలో మాత్రం ప్రతి వాక్యమూ "నేను" అనే చెప్పాలి.

దానితో పాటు "వివరించబడినది" కూడా తీసేయండి. వివరించింది ఎవరు? "డాక్టరు ______ నాకు తెలుగులో వివరించారు" అని పేరుకు చోటు వదిలితే, రేపు ఆ డాక్టరు అవునో కాదో చెప్పగలరు.

చదవడం రానివారి విషయంలో?

వేలిముద్ర పక్కన రెండు ప్రకటనలు, రెండు సంతకాలు కావాలి. చదివినవారిది: "ఈ పత్రంలోని ప్రతి వాక్యాన్నీ నేను పేషెంటుకు తెలుగులో చదివి వినిపించాను." సాక్షిది: "చదివి వినిపించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పేషెంటు అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పారు. ఆ తరువాత పేషెంటు నా ఎదుటే వేలిముద్ర వేశారు." సాక్షి ఆపరేషన్ చేసే బృందంలోని మనిషి కాకపోతే మంచిది. మందుల పరీక్షల్లో అయితే 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చదవడం రానివారి విషయంలో నిష్పాక్షికమైన సాక్షి తప్పనిసరి అంటున్నాయి.

ఈ ఫారం పైకి చదివితే ఊపిరి ఆగిపోకూడదు. ఒక వాక్యం ఒక్క గుక్కలో అయిపోవాలి.

తెలుగును తిరిగి ఇంగ్లీషు చేయించి పోల్చి చూస్తే తప్పులన్నీ దొరుకుతాయి కదా?

కొన్ని దొరుకుతాయి. వదిలేసిన షరతు, మారిన అంకె, పోయిన "కాదు" ఇట్టే పట్టుబడతాయి. మూలం చూడని వ్యక్తి చేత చేయిస్తేనే ఆ పనికి విలువ. కానీ "ప్రమాదాలు" అన్న మాట తిరిగి ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు చక్కగా రిస్కులుగానే వెళుతుంది. పోల్చిన అధికారి టిక్కు పెడతారు. చదివిన పేషెంటు మాత్రం బస్సు ప్రమాదమే అనుకుంటాడు. మంచి అనువాదకుడు గజిబిజి వాక్యాన్ని కూడా తన తెలివితో సరిదిద్ది అందమైన ఇంగ్లీషు చేసిపెడతాడు, దాంతో గజిబిజి దాగిపోతుంది.

అందుకే ఆ తరువాత వైద్యంతో సంబంధం లేని కొందరికి ఫారం ఇచ్చి చదివించాలి. "అర్థమైందా?" అని అడగకండి, అందరూ "ఆ, అయింది" అంటారు. కాగితం తిప్పి పెట్టి అడగండి: "మీ ఒంట్లోంచి ఏం తీసేస్తారు?" "మధ్యలో పెద్ద కోత పెట్టాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయిస్తారు?" "ఆపరేషన్ వద్దనుకుంటే ఏం కావచ్చు?" "సంతకం చేశాక మనసు మారితే?" మొదటి ప్రశ్నకు "రాళ్లు" అని జవాబొస్తే మొదటి వాక్యం మళ్లీ రాయాలి. ఇద్దరు ముగ్గురు ఒకే చోట తడబడితే తప్పు వాళ్లది కాదు, ఆ వాక్యానిది.

రెండు ప్రతుల మధ్య తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుందని రాసుకోవచ్చా?

కంపెనీల ఒప్పందాల్లో ఆ వాక్యం మామూలే. అంగీకార పత్రంలో అది ఆసుపత్రికే ఎదురు తిరుగుతుందని మా అభిప్రాయం. ఇంగ్లీషు రాని మనిషి చదివింది తెలుగు ప్రతి, ఒప్పుకున్నది అందులో ఉన్నదానికి. "నువ్వు చదవలేని కాగితంలో ఉన్నదే నీ ఒప్పుకోలు" అని అతనితోనే సంతకం పెట్టించడం వల్ల అతనికి ఏమి అర్థమైందో రుజువు కాదు. అతనికి అర్థం కాలేదనడానికే అది పనికొస్తుంది. ఆ వాక్యం మూలంలో ఉంటే తెలుగు చేసి, పక్కన మీ అభ్యంతరం రాసి లాయరుకు పంపండి.

ఇంగ్లీషు ఫారం మారినప్పుడు?

రెండు ప్రతులకూ ఒకే వెర్షన్ నంబరు, ఒకే తేదీ అడుగున వేయండి. క్లాజుల నంబర్లు కూడా రెండింట్లో ఒకటే ఉండాలి. అప్పుడు ఇంగ్లీషులో 7వ క్లాజు మారితే తెలుగులో 7 ఒక్కటే తీసి చూడవచ్చు. పాత తెలుగు ప్రతుల కట్టలు వార్డు అల్మారాల్లో మిగిలిపోతుంటాయి. వాటిని తీసేయించే పని ఎవరిదో పేరు పెట్టి ముందే తేల్చుకోండి.